జబ్బ నాలుగు ముక్కలైతే ఆపరేషన్ తప్పదా?

"అమ్మ జబ్బ విరిగింది, నాలుగు ముక్కలైందట" అని ఊరి నుంచి ఫోన్ వస్తే ఏ కొడుక్కయినా వెంటనే తోచేది ఆపరేషనే. కాలి ఎముక రెండు ముక్కలైతేనే రాడ్డు వేస్తారు, నాలుగు ముక్కలైతే ఇక అడగాలా? కానీ భుజం కీలు దగ్గర విరిగిన ఎముకకు ఈ లెక్క సరిపోదు. ఎక్స్‌రేలో నాలుగు ముక్కలుగా కనిపించిన ఎముక స్లింగులో పెట్టుకున్న చేతిలోనే చక్కగా అతుక్కోవచ్చు. రెండే ముక్కలైన మరో ఎముకను అదే రోజు థియేటర్లోకి తీసుకెళ్లాల్సి రావచ్చు. ఎన్ని ముక్కలైంది అన్నది డాక్టరు వేసుకునే తొలి ప్రశ్న మాత్రమే. ఆ ముక్కలు ఎంత దూరం జరిగాయి, పైనున్న గుండ్రటి తలకు ఇంకా రక్తం అందుతోందా, ఆ చెయ్యి ఎవరిది అన్నవి అసలు ప్రశ్నలు.

మోచేతి నుంచి భుజం దాకా ఉండే ఈ ఎముకను డాక్టర్లు హ్యూమరస్ అంటారు. దాని పైకొస భుజం గిన్నెలో కూర్చునే గుండ్రటి తల. తలకు కొంచెం కింద, బయటివైపు ఒక పెద్ద బుడిపె, ముందువైపు ఒక చిన్న బుడిపె ఉంటాయి. వాటి కిందినుంచి పొడవాటి కాండం మొదలవుతుంది. చేతిని పైకెత్తి బయటికి తిప్పే కండరాలు పెద్ద బుడిపెను పట్టుకుని ఉంటాయి. లోపలికి తిప్పే కండరం చిన్న బుడిపెను పట్టుకుని ఉంటుంది. ఎముక విరిగినా ఈ కండరాలు లాగడం మానవు. అందుకే విడిపోయిన ముక్క ఇష్టమొచ్చినట్టు పడి ఉండదు. పెద్ద బుడిపె వెనక్కీ పైకీ, చిన్నది లోపలికీ, కాండం ఛాతీవైపుకీ జరుగుతాయి. అనుభవం ఉన్న డాక్టరు ముక్క ఏ దిక్కుకు పోయిందో చూసి, అది ఏ ముక్కో చెప్పగలడు.

ఈ ఎముక ఎక్కడపడితే అక్కడ కాకుండా ఈ నాలుగు భాగాల మధ్యే విడిపోతుందని 1934లో చెప్పినవాడు అమెరికాలోని బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్. చిన్నప్పుడు ఎముక పెరిగిన అతుకుల వెంబడే పెద్దయ్యాక పగుళ్లు వస్తాయని ఆయన గమనించాడు. న్యూయార్క్ సర్జన్ చార్లెస్ నీర్ 1970లో దానికి ఒక కొలత చేర్చాడు. పగులు కనిపించినంత మాత్రాన దాన్ని వేరే ముక్కగా లెక్కపెట్టకూడదన్నాడు. ఒక సెంటీమీటరుకు మించి జరిగితేనో, 45 డిగ్రీలకు మించి వంగితేనో అప్పుడు మాత్రమే అది ఒక 'పార్ట్'. ఈ నియమం తెలియకే సగం కంగారు పుడుతుంది. స్కానింగ్ రిపోర్టులో నాలుగు ముక్కలున్నాయని రాసి ఉన్నా, నీర్ లెక్కలో అది 'వన్ పార్ట్', అంటే పెద్దగా జరగని విరుగుడు, కావచ్చు. పెద్ద బుడిపె విషయంలో మాత్రం ఇప్పటి సర్జన్లు అంత ఉదారంగా ఉండరు. అది అర సెంటీమీటరు పైకి జరిగినా చెయ్యెత్తినప్పుడు పైనున్న ఎముకకు తగిలి ఇరుక్కుంటుంది కాబట్టి, దానికి 5 మిల్లీమీటర్లనే హద్దుగా చాలామంది పాటిస్తున్నారు.

ఈ వర్గీకరణకు ఒక బలహీనత ఉంది. ఒకే ఎక్స్‌రేను ఇద్దరు నిపుణులకు చూపిస్తే ఒకరు మూడు పార్టులని, మరొకరు నాలుగని చెప్పడం అరుదేమీ కాదు. ఒకే డాక్టరుకు కొన్ని నెలల తర్వాత అదే ఎక్స్‌రే చూపిస్తే మాట మారిన సందర్భాలూ అధ్యయనాల్లో నమోదయ్యాయి. కాబట్టి రెండో డాక్టరు వేరే అంకె చెప్పాడని మొదటివాడికి ఏమీ తెలియదనుకోనక్కర్లేదు. ఎదురుగా తీసిన ఒక్క ఎక్స్‌రేతో నిర్ణయం చెప్పేస్తే మాత్రం సందేహించాల్సిందే. పక్కనుంచి, చంకవైపునుంచి తీసిన ఫిల్ములు కూడా ఉంటేనే తల గిన్నెలో ఉందో, వెనక్కి జారిందో తెలుస్తుంది. అప్పటికీ స్పష్టత రాకపోతే సీటీ స్కాన్ తీస్తారు.

ఆర్థో ఓపీల్లో తరచూ ఎదురయ్యే ఒక కేసు తీసుకుందాం. పేరు సుబ్బలక్ష్మమ్మ అనుకుందాం. వయసు 69, ఊరు భీమవరం దగ్గర పల్లె. వాకిట్లో నీళ్లు చల్లుతూ కాలు జారి కుడిచెయ్యి మీద పడింది. హైదరాబాదులో ఉన్న కొడుకు రాత్రికి రాత్రే కారులో తీసుకొచ్చాడు. చేతిలో సీటీ రిపోర్టు ఉంది: నాలుగు ముక్కలు.

డాక్టరు రిపోర్టు పక్కనపెట్టి స్కాన్ బొమ్మల మీద స్కేలు పెట్టి కొలిచాడు. పెద్ద బుడిపె 4 మిల్లీమీటర్లు జరిగింది. చిన్న బుడిపె దాదాపు ఉన్నచోటే ఉంది. తల బయటివైపుకు 20 డిగ్రీలు వాలి, కాండం పైకొసలోకి దిగబడి కూర్చుంది. గీతలు నాలుగు ముక్కలనే చెబుతున్నాయి. కొలతల ప్రకారం ఏ ముక్కా హద్దు దాటలేదు.

"మరి తలకి రక్తం ఆగిపోతే, డాక్టరుగారూ? నెట్‌లో చదివాను, బంతి చచ్చిపోతుందట కదా" అన్నాడు కొడుకు.

అడగాల్సిన ప్రశ్నే. జవాబు కోసం చంక దాకా వెళ్లాలి. చంకలోంచి వచ్చే పెద్ద రక్తనాళం నుంచి రెండు కొమ్మలు విడిపోయి, ఒకటి ముందునుంచి, ఒకటి వెనకనుంచి ఎముక మెడను చుట్టుకుంటాయి. ముందు కొమ్మనుంచి ఒక పాయ రెండు బుడిపెల మధ్య గాడి పక్కగా పైకెక్కి తలలోకి దూరుతుంది. 1956లో లయింగ్ అనే పరిశోధకుడు ఈ పాయను వర్ణించాక, తలకు ప్రధాన ఆధారం అదేనని దశాబ్దాల పాటు నమ్మారు. అదే నిజమైతే ఒక ఇబ్బంది ఉంది. బుడిపెల మధ్య పగులు వచ్చిన ప్రతిసారీ ఆ పాయ తెగే ప్రమాదం ఉంది, మరి అన్ని తలలూ చచ్చిపోవాలి కదా? అలా జరగడం లేదు. 2010లో అమెరికా పరిశోధకులు మృతదేహాల భుజాలకు ఎమ్మారై తీసి రక్తం వాటా కొలిస్తే, తలకు అందే రక్తంలో 64 శాతం వెనక కొమ్మ నుంచే వస్తోందని తేలింది. ముందు పాయ తెగినా చాలా తలలు బతికి బట్టకట్టడానికి కారణం అదే.

వెనక కొమ్మ నుంచి వచ్చే సన్నటి నాళాలు తల కింద, లోపలివైపు ఎముక పొరను అంటిపెట్టుకుని పైకి వెళ్తాయి. అందుకే సర్జన్ చూపు ఇప్పుడు ముందుగా ఆ లోపలి మూల మీదే పడుతుంది. తల విరిగినప్పుడు దాని కింది అంచున కాండం తాలూకు ఒక ముల్లులాంటి ముక్క అంటుకుని ఉంటుంది. అది పొడుగ్గా ఉంటే దాని మీది నాళాలు కూడా తలతోపాటు మిగిలాయని అర్థం. పొట్టిగా ఉంటే తెగిపోయి ఉండవచ్చు. స్విట్జర్లాండ్‌లోని రాల్ఫ్ హెర్టెల్ బృందం ఆపరేషన్ సమయంలో వంద విరిగిన తలలకు రక్తం అందుతోందో లేదో నేరుగా పరీక్షించి 2004లో కొలతలు ప్రకటించింది. ముల్లు 8 మిల్లీమీటర్లకంటే పొట్టిగా ఉండటం, లోపలివైపు తల-కాండం మధ్య బందు 2 మిల్లీమీటర్లకు మించి పక్కకు జరగడం, పగులు సరిగ్గా తల అంచునే పోవడం... ఈ మూడూ కలిసి ఉంటే ఆ తలకు రక్తం ఆగిపోయి ఉండే అవకాశం 97 శాతం. ఇక్కడ బందు అంటే తలుపు మడతబందు లాంటిదే. తలుపు ఎంత వెనక్కి వాలినా బందు ఊడకపోతే మళ్లీ నిలబెట్టవచ్చు.

సుబ్బలక్ష్మమ్మ ఎముకలో ముల్లు 12 మిల్లీమీటర్లుంది, బందు చెక్కుచెదరలేదు. తల వాలింది గానీ ఊడలేదు. డాక్టరు ఆమె మోచేతిని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేలు భుజం తల మీద ఆనించి, మోచేతిని చాలా నెమ్మదిగా అటూ ఇటూ కదిపాడు. కాండంతోపాటు తల కూడా వేలి కింద తిరిగింది. రెండూ గట్టిగా ఇరుక్కుని ఉన్నాయన్నమాట.

"ఆపరేషన్ వద్దమ్మా. స్లింగ్ చాలు" అన్నాడు.

"పట్టీ కూడా వెయ్యవా బాబూ? మా ఊళ్లో అయితే వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టేవాళ్లు" అంది ఆవిడ కొంచెం నిరాశగా.

భుజం కీలుకు పిండికట్టు వెయ్యడం కుదరదు, బిగించి కడితే లాభమూ లేదు. ఎముక అతుక్కోవడానికి ఆ చుట్టూ రక్తప్రసరణ బాగానే ఉంటుంది. భయపడాల్సింది భుజం బిగుసుకుపోవడం గురించి. ఆరు వారాలు కట్టి ఉంచిన భుజం ఎక్స్‌రేలో చక్కగా అతుక్కుని కనిపించవచ్చు, చెయ్యి మాత్రం తల దువ్వుకోవడానికి కూడా లేవకపోవచ్చు. నూనె పెట్టి మర్దనా చేయించడం ఇంకా ప్రమాదం, దిగబడి కూర్చున్న తల ఊడివచ్చేది అక్కడే.

ఇంటికి పంపేముందు ఆమె గాజులు, ఉంగరాలు తీయించారు, ఎందుకంటే చెయ్యి వాచాక అవి కోసి తీయాల్సి వస్తుంది. మంచం మీద వెల్లకిలా కాకుండా, వెనక దిండ్లు పెట్టుకుని సగం కూర్చున్నట్టు పడుకోమన్నారు. నాలుగో రోజుకల్లా నల్లటి కమురు మోచేతి దాకా, రొమ్ము పక్కకి దిగింది. కొడుకు ఫొటో తీసి పంపి కంగారుపడ్డాడు. ఎముకలోంచి కారిన రక్తం కిందికి జారడమే తప్ప అది కొత్త ప్రమాదం కాదు. వేళ్లు, మణికట్టు, మోచెయ్యి మొదటి రోజునుంచే ఆడించమన్నారు. రెండో వారం మొదట్లో ముందుకు వంగి చెయ్యి వేలాడదీసి, గడియారం లోలకంలా ఊపే వ్యాయామం మొదలైంది. ఆరు వారాలు దాటాక సొంతంగా చెయ్యెత్తడం, మూడు నెలల తర్వాత బరువుతో వ్యాయామాలు. ఇదంతా రోజూ చేయించే మనిషి ఇంట్లో ఉంటేనే ఈ వైద్యం సాగుతుంది. 'ఏమీ చెయ్యకుండా వదిలేశారు' అనుకునే చోట నిజానికి ఆపరేషన్‌కంటే ఎక్కువ ఓపిక ఖర్చవుతుంది.

ఈ దారిలో తప్పిపోయే అవకాశాలూ ఉన్నాయి. మొదటి వారం చివర, రెండో వారం చివర మళ్లీ ఎక్స్‌రే తీసేది అందుకే. తల ఇంకా వాలిపోతుంటే, బుడిపె పైకి లేస్తుంటే నిర్ణయం మార్చుకోవడానికి అదే సమయం. ఎముక ఒకసారి వంకరగా అతుక్కున్నాక సరిచేయడం చాలా కష్టం. భుజం బయటివైపు చర్మం మొద్దుబారినట్టుంటే డాక్టరుకు చెప్పాలి, అక్కడి నరం ఒత్తిడికి గురైందనడానికి అది గుర్తు. చాలావరకు నెలల్లో దానంతట అదే కోలుకుంటుంది.

ముక్కలు బాగా జరిగిపోయిన వారికీ స్లింగే చాలా? బ్రిటన్‌లోని 32 ఆసుపత్రులు ఈ ప్రశ్నకు తేల్చిచెప్పే ప్రయత్నం చేశాయి. 250 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు ఆపరేషన్, రెండో గుంపుకు స్లింగ్ ఇచ్చి రెండేళ్లు గమనించారు. ప్రాఫర్ అన్న పేరుతో 2015లో వెలువడిన ఫలితం సర్జన్లనే ఆశ్చర్యపరిచింది. చెయ్యి ఎలా పనిచేస్తోందని రోగులు చెప్పిన మార్కుల్లో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే ఈ ఫలితాన్ని అందరికీ అంటగట్టడం కూడా తప్పే. ఆపరేషన్ కచ్చితంగా కావాలని సర్జన్లు భావించినవారిని, తల గిన్నెలోంచి ఊడిపోయినవారిని ఆ పరీక్షలో చేర్చలేదు. పైగా చేరినవారిలో ఎక్కువమంది పెద్దవయసు వారే.

తల గిన్నెలోంచి బయటపడినప్పుడు, తలే రెండుగా చీలినప్పుడు, ఎముక చర్మం చీల్చుకుని వచ్చినప్పుడు, రక్తనాళం తెగినప్పుడు స్లింగ్ గురించి మాట్లాడేది ఎవరూ ఉండరు.

వయసు మారితే నిర్ణయం ఎలా మారుతుందో చూడాలంటే 38 ఏళ్ల యువకుడిని ఊహించుకోండి. బైక్ మీదనుంచి పడ్డాడు. స్కాన్‌లో ముల్లు 4 మిల్లీమీటర్లే, బందు 5 మిల్లీమీటర్లు జరిగింది, పగులు తల అంచునే ఉంది. హెర్టెల్ కొలతల ప్రకారం తలకు రక్తం ఆగిపోయినట్టే. అయినా సర్జన్ ఆ తలను తీసి పారేయడు, ప్లేటు వేసి నిలబెడతాడు. ఎందుకంటే అదే స్విస్ బృందం 2008లో ఇంకో సంగతి బయటపెట్టింది. ఆపరేషన్ రోజున రక్తం లేదని తేలిన పది తలలను బిగించి ఊరుకుంటే, వాటిలో ఎనిమిది కుంగిపోలేదు. కొన్నిటికి రక్తం మళ్లీ పుంజుకుంటుంది. 38 ఏళ్లవాడికి ఆ అవకాశం ఇవ్వడం న్యాయం. కృత్రిమ కీలు పెడితే వాడకానికి ఎన్నేళ్లు తట్టుకుంటుందో చెప్పలేం, బరువులెత్తే చేతికి అది అసలు నప్పదు.

ప్లేటు వేసేటప్పుడు మెళకువంతా తలను లోపలివైపునుంచి నిలబెట్టడంలోనే ఉంది. ప్లేటు ఎముక బయటివైపు ఉంటుంది, స్క్రూలు దానిలోంచి తలలోకి వెళ్తాయి. తల కింది లోపలి మూలకు ఆధారంగా రెండు స్క్రూలు ఏటవాలుగా వెళ్లకపోతే, తల నెమ్మదిగా లోపలివైపుకు వాలుతుంది. అది వాలుతుంటే కదలని స్క్రూ మొనలు తలను చీల్చుకుని గిన్నెలోకి పొడుచుకొస్తాయి. ముసలి ఎముకల్లో, లోపల గుల్లగా ఉన్న తలల్లో ఇది తరచూ జరిగే దెబ్బ. బాగవుతున్న నొప్పి మళ్లీ తిరగబెట్టినా, చెయ్యి తిప్పితే లోపల కిరకిరలాడినా ఆగకుండా ఎక్స్‌రే తీయించాలి. స్క్రూ గిన్నె మృదులాస్థిని అరగదీస్తే తర్వాత మిగిలేది కృత్రిమ కీలే. రక్తం అందక తల కుంగిపోవడం మాత్రం ఇంత తొందరగా బయటపడదు, నెలలు గడిచాక, ఒక్కోసారి ఏడాది రెండేళ్లకు తెలుస్తుంది. కాబట్టి ఎముక అతుక్కుంది కదా అని యువకుడు డాక్టరు దగ్గరికి వెళ్లడం మానకూడదు.

ఇప్పుడు అవే కొలతలు 74 ఏళ్ల మనిషిలో ఉన్నాయనుకోండి. ఎముక గుల్ల, పెద్ద బుడిపె రెండు సెంటీమీటర్లు పైకి లేచింది. ప్లేటు పట్టు దొరకదు. వెనకటి రోజుల్లో ఇలాంటివారికి విరిగిన తల తీసి ఒక లోహపు తల పెట్టేవారు. 1950ల్లో నీర్ మొదలుపెట్టిన పద్ధతే అది. కానీ ఆ లోహపు తల పనిచేయాలంటే బుడిపెలు దాని చుట్టూ అతుక్కోవాలి. గుల్ల ఎముకలో అవి అతుక్కోకపోతే కండరాలకు పట్టు పోయి, నొప్పి తగ్గినా చెయ్యి లేవదు.

ఫ్రాన్స్‌లోని డిజోన్ నగర సర్జన్ పాల్ గ్రామోంట్ 1985లో ఈ చిక్కుకు తలకిందుల పరిష్కారం కనిపెట్టాడు. గిన్నె ఉండాల్సిన చోట బంతి, బంతి ఉండాల్సిన చోట గిన్నె పెట్టాడు. అప్పుడు చెయ్యెత్తే భారమంతా భుజం మీది పెద్ద కండరం డెల్టాయిడ్ మీద పడుతుంది, బుడిపెల కండరాలు అంతగా సహకరించకపోయినా చెయ్యి లేస్తుంది. దీనినే రివర్స్ షోల్డర్ అంటున్నారు. ఆయన మొదట దీన్ని కండరాలు చిరిగిపోయిన ముసలివారి అరిగిన కీళ్ల కోసం చేశాడు, విరిగిన ఎముకలకు వాడకం తర్వాత వచ్చింది. నార్వేలో 65 నుంచి 85 ఏళ్ల మధ్య 124 మంది మీద చేసి 2020లో ప్రచురించిన పరీక్షలో, రెండేళ్ల తర్వాత నూటికి సగటున ప్లేటు వేయించుకున్నవారికి 54.6 మార్కులు, రివర్స్ కీలు పెట్టించుకున్నవారికి 68 మార్కులు వచ్చాయి. బాగా జరిగిపోయిన ముక్కలున్న పెద్దవారికి ప్లేటుకూ రివర్స్‌కూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే మొగ్గు ఇప్పుడు రివర్స్ వైపే. దానికి ఖర్చెక్కువ. ఇన్‌ఫెక్షన్ రావచ్చు, కీలు ఊడిరావచ్చు. డెల్టాయిడ్ నరం దెబ్బతిని ఉంటే అసలు పనిచేయదు. ఎనభై దాటి, ఇంట్లోనే మెల్లగా తిరిగే మనిషికి ముక్కలు జరిగినా స్లింగే మేలని డాక్టరు అంటే అది అశ్రద్ధ కాకపోవచ్చు.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు బంధువులు అడగదగిన ప్రశ్నలు రెండున్నాయి. ముక్కలు ఎన్ని మిల్లీమీటర్లు జరిగాయి, లోపలి బందు ఉందా ఊడిందా? ఈ రెండింటికీ స్కాన్ మీద చూపించి జవాబిచ్చే డాక్టరు ఆపరేషన్ చేద్దామన్నా వద్దన్నా నమ్మవచ్చు. మూడో ప్రశ్న చాలామంది మరిచిపోతారు. నిలబడిన ఎత్తునుంచి పడితేనే జబ్బ విరిగిందంటే ఎముక గుల్లబారి ఉందనే లెక్క. ఇలా విరిగిన తర్వాతి ఏడాదిలో తుంటి ఎముక విరిగే ముప్పు మామూలువారికంటే బాగా ఎక్కువని పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. స్లింగ్ తీసేలోపే ఎముక సాంద్రత చూసే డెక్సా పరీక్ష, విటమిన్ డి పరీక్ష రాయమని అడగండి. లోపం ఉంటే మందు అప్పుడే మొదలుపెట్టించండి, బాత్‌రూములో పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించండి.